కాంట్రాక్టు చట్టం అధ్యాయాన్ని చిన్న వ్యాపారుల కోసం నోట్సుగా కుదించడం: ఏది ఉంచాలి, ఏది వదలాలి?

ప్రశ్న: నేను కామర్స్‌లో పీజీ చేశాను. మా ఊరి చిన్న వ్యాపారుల సంఘం వాళ్లు కాంట్రాక్టు చట్టం మీద తేలిక భాషలో నోట్సు రాసిమ్మన్నారు. నా పుస్తకంలో ఆ అధ్యాయం 62 పేజీలు ఉంది. దాన్ని ఐదారు పేజీలకు తేవాలి. ఎంత కుదించినా పరీక్ష గైడులాగే వస్తోంది. ఏది ఉంచాలి, ఏది వదలాలి?

సమాధానం: ముందుగా అధ్యాయం వరుసను వదిలేయండి. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం, అర్హత, స్వేచ్ఛా సమ్మతి అనేది చట్టం నేర్పేవాళ్ల వరుస. వ్యాపారి బేరం వేరే వరుసలో నడుస్తుంది. రేటు చెబుతాడు, అవతలివాళ్లు సరే అంటారు, అడ్వాన్స్ చేతులు మారుతుంది, సరుకు వెళ్తుంది, ఆలస్యమో తేడానో వస్తుంది, చివరికి బాకీ మిగులుతుంది. నోట్సును ఈ వరుసలో రాయండి. తర్వాత, కేసుల పేర్లు, చరిత్ర, పండితుల నిర్వచనాలు ధైర్యంగా తీసేయండి కానీ "అయితే", "లేకపోతే", "ఆ సమయంలోనే" లాంటి షరతు మాటలను మాత్రం ఒక్కటీ తీయకండి. కుదించడంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. పేజీలు తగ్గడం వల్ల నష్టం లేదు, షరతు జారిపోతే మాత్రం నోట్సు అబద్ధం చెబుతుంది.

నేను ఇరవై రెండేళ్లుగా సివిల్ దావాలు చూస్తున్న వకీలుని. మా దగ్గరి వర్తకుల కోసం ఇలాంటి నోట్సు మూడుసార్లు తిరగరాశాను. మొదటిసారి రాసిన దాంట్లో ఒక వాక్యం ఇలా ఉంది: "బాకీ వసూలుకు మూడేళ్ల గడువు." వాక్యం తప్పు కాదు, కానీ మూడేళ్లు ఎప్పటినుంచి లెక్కపెట్టాలో రాయలేదు. ఆ నోట్సు చదివిన ఒక ఎలక్ట్రికల్ సామాన్ల వ్యాపారి 2019 నవంబరులో నా దగ్గరికి వచ్చాడు. సరుకు ఇచ్చింది 2016 జూన్ 10న, అప్పు గడువు 30 రోజులు. 2017 జనవరిలో అవతలివాడు ఫోన్‌లో "ఇచ్చేస్తానన్నా" అన్నాడట. ఈయన ఆ ఫోన్ నుంచి మూడేళ్లు లెక్కపెట్టుకుని, 2020 జనవరి దాకా టైముందని నిశ్చింతగా ఉన్నాడు. అసలైతే గడువు పెట్టి అప్పిచ్చిన సరుకుకు ఆ గడువు ముగిసిన రోజు నుంచి, అంటే 2016 జూలై 10 నుంచి లెక్క. 2019 జూలైకే కాలదోషం పట్టేసింది. ఫోన్‌లో ఇచ్చిన మాట గడువును పొడిగించదు. గడువు ముగియకముందే బాకీ ఉన్నట్టు రాతపూర్వకంగా, సంతకంతో ఒప్పుకుంటేనే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి.

ఆ బాకీదారు మంచివాడు కాబట్టి బతికిపోయాం. కాలదోషం పట్టిన బాకీని కూడా చెల్లిస్తానని రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25లోనే ఉంది. అలా కాగితం రాయించుకున్నాం, డబ్బు వచ్చింది. ఈ సెక్షన్ మీ అధ్యాయంలో "ప్రతిఫలం లేని ఒప్పందానికి మినహాయింపులు" అనే శీర్షిక కింద మూడో మినహాయింపుగా ఎక్కడో మూలన ఉంటుంది. గైడ్లలో దాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వ్యాపారికి మాత్రం ఆ అధ్యాయం మొత్తంలో బాగా పనికొచ్చే వాక్యాల్లో అదొకటి. కాలపరిమితి లెక్క అసలు ఈ చట్టంలో లేదు, 1963 నాటి లిమిటేషన్ చట్టంలో ఉంది. పుస్తకంలో లేదని వదిలేయకుండా రెండు వాక్యాలు బయటినుంచి తెచ్చి కలపండి.

వదిలేయాల్సినవి త్వరగా చెప్తాను. ఈ చట్టం 1872 నాటిదనీ, సరుకుల అమ్మకం భాగాన్ని విడదీసి 1930లో ఒక చట్టంగా, భాగస్వామ్యం భాగాన్ని 1932లో మరో చట్టంగా చేశారనీ మీకు తెలిస్తే చాలు. దీంతో ఒక ప్రయోజనం ఉంది. సరుకు నాణ్యత, పాడైన సరుకు బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబు ఈ అధ్యాయంలో దొరకదని మీకు ముందే తెలుస్తుంది. భార్యాభర్తల మధ్య మాటలు ఒప్పందాలవుతాయా అన్న చర్చ, పందేలు, ప్రతిఫలం మీద ఇంగ్లండు చట్టానికీ మనకూ ఉన్న తేడాలు, ఇవన్నీ పోవచ్చు. ఒప్పందం లేకపోయినా బాధ్యత వచ్చే సందర్భాల్లోంచి ఒక్కటి ఉంచండి: పొరపాటున ఒకరి ఖాతాలో పడ్డ డబ్బును వాళ్లు తిరిగి ఇవ్వాల్సిందే (సెక్షన్ 72). ఫోన్‌లో డబ్బు పంపే రోజుల్లో ఇది అందరికీ అవసరం. మైనర్ల గురించి పుస్తకం ఆరేడు పేజీలు రాస్తుంది. మీరు "18 నిండనివాళ్లతో చేసుకున్న ఒప్పందం మీద వాళ్లను కోర్టుకు లాగలేరు, అప్పు మీద సరుకు ఇచ్చేముందు చూసుకోండి" అని రాస్తే సరిపోతుంది.

ఇక నిదానంగా రాయాల్సినవి. నా అనుభవంలో మూడు చోట్ల కుదిస్తే అర్థం విరుగుతుంది.

మొదటిది అంగీకారం. గైడ్లన్నీ "అంగీకారం సంపూర్ణంగా, షరతులు లేకుండా ఉండాలి" అని రాస్తాయి. ఇది చదివిన వ్యాపారికి ఏమీ తట్టదు. సంఘటన రూపంలో రాయండి. గేట్లు చేసే వెల్డింగ్ షాపాయన 1,85,000 రూపాయలకు, సగం అడ్వాన్స్‌తో కొటేషన్ పంపాడు. కస్టమర్ వాట్సాప్‌లో "ఓకే అండి, 1,75,000కి చేసేయండి, 30 శాతం ఇప్పుడే వేస్తున్నా" అని జవాబిచ్చాడు. ఇక్కడ "ఓకే" అన్న మాట ఉంది కానీ అంగీకారం లేదు. రేటు మార్చాడు కాబట్టి పాత కొటేషన్ పోయి, ఇప్పుడు ఇది కస్టమర్ పెట్టిన కొత్త ప్రతిపాదన అయింది (సెక్షన్ 7). షాపాయన ఏ జవాబూ ఇవ్వకుండా, ఖాతాలో పడ్డ ఆ 30 శాతం ఉంచుకుని, ఇనుము కోసి పని మొదలుపెట్టాడనుకోండి. మాటతో ఒప్పుకోకపోయినా, ఆ పనితోనే 1,75,000కి ఒప్పుకున్నట్టవుతుంది (సెక్షన్ 8). బిల్లు దగ్గర "నా కొటేషన్ 1,85,000 కదా" అంటే నిలబడదు.

దీన్ని నోట్సులో నేనిలా పెట్టాను: "అవతలివాళ్లు రేటో, తేదీనో, అడ్వాన్సో మార్చి 'ఓకే' అంటే అది ఓకే కాదు, కొత్త బేరం. పని మొదలుపెట్టకముందే 'మీ రేటు కుదరదు' అనో 'సరే' అనో రాసి పంపండి. మాట్లాడకుండా పని మొదలుపెడితే వాళ్ల రేటుకే ఒప్పుకున్నట్టు." మూడు పేజీల పాఠం మూడు వాక్యాల్లో వచ్చింది, షరతు ఎక్కడా పోలేదు.

రెండోది, ఆలస్యం, నష్టపరిహారం. చిన్న వ్యాపారులు అందరికన్నా ఎక్కువ తప్పుగా నమ్మేది ఇక్కడే. ఒప్పందంలో "ఆలస్యమైతే లక్ష రూపాయలు కట్టాలి" అని రాసుకుంటే లక్షా వచ్చేస్తుందనుకుంటారు. మీ పుస్తకంలో సెక్షన్ 55, 73, 74 వేర్వేరు చోట్ల, బహుశా ఇరవై పేజీల దూరంలో ఉంటాయి. నోట్సులో ఈ మూడింటినీ ఒక్కచోటికి తేవాలి, ఎందుకంటే గొడవలో ఇవి ఒకేసారి వస్తాయి. నేను చూసిన ఒక తగాదా లెక్కతో సహా చెప్తాను.

ఒక స్వీట్ షాపు యజమాని దసరా కోసం 5,000 అట్టపెట్టెలకు ఆర్డరిచ్చాడు. ఒక్కోటి 14 రూపాయలు, మొత్తం 70,000. అడ్వాన్స్ 20,000 ఇచ్చాడు. పండుగకు పది రోజుల ముందు డెలివరీ ఇవ్వాలి, తప్పితే లక్ష రూపాయలు కట్టాలని కాగితం మీద రాసుకున్నారు. పెట్టెలు పండుగ అయిన రెండు రోజులకు వచ్చాయి. ఈలోగా స్వీట్ షాపాయన బజార్లో 17 రూపాయల చొప్పున 3,000 సాదా పెట్టెలు కొనుక్కున్నాడు. ఒక ఆఫీసు వాళ్ల గిఫ్టు ఆర్డరు కూడా పోయింది, దాంట్లో 24,000 లాభం వచ్చేదట. ఆలస్యంగా వచ్చిన వాటిలో 3,000 వెనక్కి పంపేసి, దీపావళికి పనికొస్తాయని 2,000 దింపించుకున్నాడు. దింపించుకున్నప్పుడు ఏమీ అనలేదు. తర్వాత లక్ష అడగమని నా దగ్గరికి వచ్చాడు.

ఒక్కో ముక్కా చూద్దాం. లక్ష అనేది గరిష్ఠం మాత్రమే. సెక్షన్ 74 ప్రకారం ఆ మొత్తానికి మించకుండా, న్యాయమైనంత పరిహారమే కోర్టు ఇస్తుంది. నష్టాన్ని లెక్కగట్టడం సాధ్యమయ్యే చోట లెక్క చూపించాలి. లెక్కగట్టడం స్వభావరీత్యా కష్టమైన ఒప్పందాల్లో, ముందే నిజాయితీగా వేసుకున్న అంచనా అయితే ఆ అంకెకే విలువ ఉంటుంది. పెట్టెల విషయంలో బజారు రేటు ఉంది కాబట్టి లెక్క సాధ్యమే. ఆ లెక్క: 3,000 పెట్టెల మీద ఒక్కోదానికి 3 రూపాయలు అదనం, అంటే 9,000. బిల్లు ఉంది, ఇది నిలబడుతుంది.

ఆఫీసు గిఫ్టు ఆర్డరు గురించి పెట్టెలవాడికి ఎవరూ చెప్పలేదు. సాధారణంగా జరిగే నష్టమో, ఒప్పందం చేసుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టమో మాత్రమే సెక్షన్ 73 కింద వస్తుంది. దీని వెనక మీ పుస్తకంలో 1854 నాటి హ్యాడ్లీ కేసు ఉండి ఉంటుంది. ఇంగ్లండులో ఒక మిల్లు ఇరుసు విరిగింది. కొత్తదానికి నమూనాగా దాన్ని రవాణావాళ్ల చేత పంపితే వాళ్లు ఆలస్యం చేశారు. మిల్లు ఆగి ఉందని వాళ్లకు తెలియదు కాబట్టి ఆగిన రోజుల లాభం మిల్లువాళ్లకు రాలేదు. నోట్సులో కేసు పేరు అక్కర్లేదు, ఆ కథ మీ ఊరి భాషలో రెండు వాక్యాలుంటే చాలు. మా స్వీట్ షాపాయనకు ఆ 24,000 అలాగే పోయింది.

ఇక దింపించుకున్న 2,000 పెట్టెలు. సెక్షన్ 55లో గైడ్లు వదిలేసే వాక్యం ఒకటుంది. టైము ముఖ్యమైన ఒప్పందంలో సరుకు ఆలస్యంగా వస్తే తిరస్కరించే హక్కు మీకుంది. తిరస్కరించకుండా తీసుకుంటే మాత్రం, తీసుకునే సమయంలోనే "ఆలస్యానికి పరిహారం అడుగుతాను" అని తెలియజేయకపోతే తర్వాత అడగలేరు. ఆయన ఏమీ అనలేదు కాబట్టి ఆ 2,000 మీద ఆలస్యానికి పైసా రాదు, పైగా వాటి ధర 28,000 కట్టాలి. ఇచ్చిన అడ్వాన్స్ 20,000 పోగా ఆయనే 8,000 బాకీ. రావాల్సిన 9,000లోంచి 8,000 తీస్తే చేతికొచ్చేది వెయ్యి రూపాయలు. లక్ష అనుకుని వచ్చిన మనిషికి ఈ లెక్క చెప్పడం నాకు కష్టమైంది. అవతలి వకీలు కూడా ఇదే లెక్కకు ఒప్పుకోవడంతో దావా లేకుండానే ముగించాం.

మూడు సెక్షన్ల నుంచి నా నోట్సులోకి వచ్చింది ఇంతే: "జరిమానా అని రాసుకున్న అంకె గరిష్ఠం. నష్టం బిల్లులతో చూపించాలి. ఆలస్యమైతే మీకు ప్రత్యేకంగా ఏం పోతుందో ఆర్డరు కాగితం మీదే రాయండి, చెప్పని నష్టం రాదు. ఆలస్యంగా వచ్చిన సరుకు దింపించుకుంటే డెలివరీ చలానా మీదే 'ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు ఉంచుకుని తీసుకున్నాం' అని రాసి సంతకం పెట్టించండి." మీరు కూడా స్వీట్ షాపు లాంటి ఒక్క కథను మొత్తం అంకెలతో రాసి, నియమాలను దాని పక్కన పెట్టండి. ఐదు చిన్న ఉదాహరణల కన్నా ఒక పూర్తి లెక్క బాగా గుర్తుంటుంది.

మూడో చోటు "చెల్లదు" అనే మాట. తెలుగులో మనం రెండు వేర్వేరు సంగతులకు ఇదే మాట వాడేస్తాం. కొన్ని ఒప్పందాలు మొదటినుంచీ చెల్లవు. మోసం చేసో, బెదిరించో, అబద్ధం చెప్పో చేయించుకున్నవి మాత్రం మోసపోయినవాళ్లు వద్దనేదాకా చెల్లుతూనే ఉంటాయి. మోసం తెలిశాక కూడా ఆ సరుకు అమ్ముకుంటూ పోతే ఒప్పుకున్నట్టే. నోట్సులో మొదటిదానికి "చెల్లదు" అనీ, రెండోదానికి "మీరు వద్దంటే చెల్లదు, వెంటనే రాసి తెలపండి" అనీ వేరుగా రాయండి. "శూన్య", "శూన్యీకరణీయ" లాంటి పుస్తకం మాటలు పెడితే చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

మొదటినుంచీ చెల్లని వాటిలో ఒకదానికి కొంచెం చోటివ్వండి. "మా దగ్గర పని నేర్చుకుని మానేసిన కుర్రాడు రెండేళ్లదాకా ఇదే ఊళ్లో షాపు పెట్టకూడదు" అని బాండు రాయించుకోవడం చాలామందికి అలవాటు. ఉద్యోగం మానేశాక అలా ఆపే షరతు మన దేశంలో సెక్షన్ 27 కింద చెల్లదు. పనిలో ఉన్నన్నాళ్లు పోటీ వ్యాపారం చేయొద్దని అడగొచ్చు. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో సహా అమ్మినవాళ్ల మీద, సమంజసమైన పరిధిలో పోటీ పెట్టొద్దనే షరతు కూడా చెల్లుతుంది. ఈ రెండు మినహాయింపులు వదిలేసి "పోటీ షరతు చెల్లదు" అని మాత్రం రాస్తే, షాపు కొనుక్కునేవాడు ఆ షరతు రాయించుకోకుండానే డబ్బు కట్టేస్తాడు.

"నోటిమాట ఒప్పందం చెల్లుతుందా?" అని ప్రతి సమావేశంలో అడుగుతారు. చెల్లుతుంది. వేరే చట్టం రాత కావాలంటే తప్ప కాంట్రాక్టు చట్టం రాతను తప్పనిసరి చేయలేదు. ఈ వాక్యాన్ని ఇక్కడే ఆపకండి. స్థిరాస్తి అమ్మకాలకు, ఏడాదికి మించిన లీజులకు రిజిస్ట్రేషన్ కావాలి. మిగతావాటిలో మాట చెల్లినా, కోర్టులో ఆ మాట ఏమిటో రుజువు చేయాలి. కాబట్టి నోటితో బేరం కుదిరిన రోజే "మనం మాట్లాడుకున్నట్టు ఇంత సరుకు, ఈ రేటు, ఈ తేదీ" అని ఒక మెసేజ్ పంపడం నేర్పండి.

రాసే పద్ధతి గురించి కొంచెం. నేను మొదట అధ్యాయం అంతా చదివి, పుస్తకం మూసేసి, ఒక షాపు యజమాని నన్ను అడగగలిగే ప్రశ్నలు ఆయన మాటల్లోనే రాసుకుంటాను. "అడ్వాన్స్ తీసుకుని ఎత్తేశాడు, ఏం చేయాలి?", "రేటు పెరిగింది, పాత రేటుకే ఇవ్వాలా?" లాంటివి ఇరవై దాకా వస్తాయి. తర్వాత పుస్తకం తెరిచి ఒక్కో ప్రశ్నకు జవాబు ఎక్కడుందో వెతుకుతాను. ఏ ప్రశ్నకూ అవసరపడని పేజీలన్నీ పోతాయి. 62 పేజీల్లో మీకు 20 దాకా మిగలొచ్చు. వాటినే కుదించాలి. సెక్షన్ నంబరు పక్కన అంచులో చిన్నగా వేయండి, వాక్యం మధ్యలో పెట్టొద్దు. నంబరు వ్యాపారికి అక్కర్లేదు కానీ ఆయన రేపు వకీలు దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్తే పనికొస్తుంది.

రాశాక, కుదించిన ప్రతి వాక్యాన్నీ అసలు సెక్షన్ పక్కన పెట్టి చదవండి. గైడుతో పోల్చొద్దు, చట్టం పాఠంతోనే పోల్చండి. సెక్షన్‌లో ఉన్న ఒక్కో షరతు మీ వాక్యంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే ఒక వాక్యం పెంచండి. పేజీ పెరిగినా ఫర్వాలేదు.

ఆ తర్వాత ఇద్దరు షాపు యజమానులకు ఇచ్చి చదవమనండి. "అర్థమైందా?" అని అడిగితే మొహమాటానికి అయిందంటారు. అందుకే పైన చెప్పిన గేట్ల కథ లాంటిది, నోట్సులో లేనిది, చెప్పి "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడగండి. నేను రెండోసారి రాసిన నోట్సుతో ఇలా అడిగితే, ఒక కిరాణా హోల్‌సేల్ ఆయన కొటేషన్ మీద "15 రోజులు చెల్లుబాటు" అని రాశాం కాబట్టి వెనక్కి తీసుకోలేమన్నాడు. విడిగా ఏమీ పుచ్చుకోకుండా ఇచ్చిన ఆ మాటను, అవతలివాళ్లు ఒప్పుకునేలోపు వెనక్కి తీసుకోవచ్చు. వెనక్కి తీసుకున్న సంగతి వాళ్లకు చేరాలి, అంతే. నా వాక్యమే ఆయన్ని అలా అనుకునేలా చేసింది, దాన్ని మార్చాను.

చివరి పేజీలో నోట్సు ఏ తేదీ నాటిదో రాయండి. 1872 చట్టం పెద్దగా మారకపోయినా దాని చుట్టూ ఉన్నవి మారుతున్నాయి. ఉదాహరణకు వాట్సాప్ మెసేజీలను కోర్టులో చూపించడానికి కావాల్సిన సర్టిఫికెట్ ఇంతకుముందు సాక్ష్య చట్టం సెక్షన్ 65బి కింద ఉండేది. 2024 జూలై 1 నుంచి కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కిందికి వచ్చింది. మీ పుస్తకం పాతదైతే ఆ నంబరు తప్పు ఉంటుంది. అదే పేజీలో, స్థలాలు, భాగస్వామ్య ఒప్పందాలు, ప్రభుత్వ టెండర్లు ఈ నోట్సు పరిధిలో లేవనీ, వాటికి సంతకం పెట్టకముందే వకీలుకు చూపించమనీ రాయండి. ఆ ఇరవై ప్రశ్నలు రాశాక ఏవైనా ఏ సెక్షన్ కిందికి వస్తాయో తేలకపోతే ఇక్కడే పెట్టండి, చూస్తాను.